రోజుకో మాట, పేజీకి సరిపడా

రోజుకో పేజీ తిప్పే టేబుల్ క్యాలెండర్‌లో పైన తేదీ, వారం ఉంటాయి. వాటి కింద ఒక మంచి మాట ఉంటుంది. పొద్దున్నే కుర్చీలో కూర్చుంటూ ఆ పేజీ తిప్పి, మాట చదివి పనిలో పడటం చాలామందికి అలవాటు. ఇలాంటి క్యాలెండర్ వేద్దామనుకున్నవాళ్లు మొదట మాటలు దొరకడమే కష్టమనుకుంటారు. సామెతల పుస్తకాలు, శతకాలు, వ్యాస సంపుటాలు ముందేసుకుంటే ఐదొందల మాటలు పోగవడానికి పెద్ద సమయం పట్టదు. పోగైనవాటిని ఒకే కొలత పేజీల్లో పేర్చబోయినప్పుడే చిక్కు మొదలవుతుంది. జనవరి ఒకటిన పది అక్షరాల సామెత పేజీ మధ్యలో ఒంటరిగా నిలబడుతుంది. రెండో తేదీన ఎవరో మహానుభావుడి ఆరు వరుసల వాక్యం అంచులు దాటిపోతుంది. డీటీపీ ఆపరేటర్ పట్టించడానికి అక్షరాలు చిన్నవి చేస్తాడు. మూడో తేదీన మళ్లీ పెద్దవి చేస్తాడు. నెల తిరిగేసరికి ముప్ఫై పేజీలు ముప్ఫై రకాలుగా తయారవుతాయి.

అందుకే మాటలు ఏరడానికి ముందే కొలత తేల్చుకోవాలి. తెలుగులో ఆ కొలతను దేనితో కొలవాలన్నదే అసలు ప్రశ్న.

చాలామంది మాటలన్నీ ఎక్సెల్ షీటులో ఎక్కించి, `=LEN(B2)` అన్న సూత్రంతో పొడవు చూసుకుంటారు. ఇంగ్లిష్‌కు అది చాలావరకు పనికొస్తుంది. తెలుగులో మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. కంప్యూటర్ మనలా అక్షరాన్ని లెక్కపెట్టదు. హల్లు, పొల్లు, గుణింతం గుర్తు, సున్న, ఇలా అన్నిటినీ విడివిడిగా లెక్కేస్తుంది. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరమే. కంప్యూటర్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిసి ఆరు. ‘కలవరం’ దాని లెక్కలో ఐదే. ఈ రెండూ కాగితం మీద అచ్చేసి చూస్తే ఆరన్నది ఒక అక్షరమంత చోటులో ఇమిడిపోతుంది, ఐదన్నది దానికి నాలుగైదింతలు పొడవు సాగుతుంది. ఒత్తులు అక్షరం కింద చేరతాయి కనుక, సంయుక్తాక్షరాలు ఎక్కువున్న వాక్యం షీటులో పొడుగ్గానూ పేజీలో పొట్టిగానూ ఉంటుంది. LEN అంకెను నమ్మి ఏరినవాళ్లు మంచి వాక్యాలను పొడవన్న నెపంతో తీసేసి, నిజంగా పొడవైనవాటిని ఉంచుకుంటారు.

తెలుగువాళ్లు అక్షరాలను లెక్కపెట్టడం కంప్యూటర్ల కంటే ఎంతో ముందే నేర్చారు. ఛందస్సులో అక్షరమంటే నోటితో పలికే ఒక ముక్క. ‘స్త్రీ’ అక్కడ ఒకటే. ఈ పాత లెక్కే అచ్చులో పట్టే చోటుకు దగ్గరగా ఉంటుంది. సున్న, కొమ్ము, య-ఒత్తు లాంటివి పక్కకు కొంచెం జరుగుతాయి కాబట్టి తేడా ఉంటుంది కానీ, వాక్యం మొత్తం మీద అది సర్దుకుపోతుంది.

ఛందస్సు మరో మేలు కూడా చేస్తుంది. ఎంత పొడవు పెట్టుకోవాలన్న ప్రశ్నకు జవాబు కూడా అందులోనే దొరుకుతుంది. వేమన పద్యాలు ఎక్కువగా ఆటవెలదిలో ఉంటాయి. ఆటవెలది బేసి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదంలో ఐదూ సూర్యగణాలే. సూర్యగణంలో రెండో మూడో అక్షరాలు, ఇంద్రగణంలో మూడో నాలుగో. లెక్క కడితే బేసి పాదం 12 నుంచి 17 అక్షరాలు, సరి పాదం 10 నుంచి 15. నాలుగు పాదాలూ కలిపి 44కు తగ్గదు, 64కు మించదు. తెలుగు క్యాలెండర్‌లో పద్యం లేకుండా ఎలాగూ కుదరదు. పద్యాన్ని కత్తిరించడమూ కుదరదు, సాగదీయడమూ కుదరదు. కనుక పద్యాన్నే కొలబద్దగా పెట్టుకుని, మిగతా మాటలన్నిటినీ ఆ 44 నుంచి 64 అక్షరాల హద్దులోకి తెచ్చుకోవడం అన్నిటికంటే తేలికైన దారి.

ఆరు అంగుళాల వెడల్పు, నాలుగున్నర అంగుళాల ఎత్తు ఉన్న పేజీ తీసుకుందాం. తేదీకి, అంచులకు వదలగా మాటకు నాలుగున్నర అంగుళాల వెడల్పు, రెండంగుళాల ఎత్తు మిగులుతుంది. అక్షరం 18 పాయింట్లు పెడితే ఖతిని బట్టి వరుసకు ఇంచుమించు 18 నుంచి 22 అక్షరాలు పడతాయి. అంటే ఆటవెలది పాదం ఒక్కో వరుసలో విరగకుండా కూర్చుంటుంది. రెండంగుళాలంటే 144 పాయింట్లు. వరుసకూ వరుసకూ 30 పాయింట్ల దూరం ఇస్తే నాలుగు వరుసలకు 120 పోతుంది, మిగిలిన 24లో పేరు రాసుకోవచ్చు.

18 పాయింట్ల అక్షరానికి 30 పాయింట్ల దూరం ఇంగ్లిష్ పేజీలు చేసినవాళ్లకు దుబారాగా కనిపిస్తుంది. తెలుగు వరుసకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి. పై వరుసలో ‘రాష్ట్రం’ ఉండి, సరిగ్గా దాని కింద ‘కీర్తి’ పడితే దూరం చాలనప్పుడు ఒత్తూ గుడీ ఢీకొంటాయి. ఈ రెండు పదాలనూ ఒకదాని కింద ఒకటి టైపు చేసి, అచ్చు తీసి చూస్తే ఆ ఖతికి ఎంత దూరం కావాలో ఒక్క నిమిషంలో తేలుతుంది. ఖతి మారిస్తే ఈ పరీక్ష మళ్లీ చేయాలి. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఖతులే చూస్తే మండలి, రామభద్ర, సూరన్న ఒకే పాయింటు సైజులో ఒకే పరిమాణంలో కనిపించవు.

ఇప్పుడు సామెతల సంగతి. ‘కలిమి లేములు కావడి కుండలు’ అన్నది 12 అక్షరాలు. 44 ఎక్కడ, 12 ఎక్కడ! ఇలాంటప్పుడు అక్షరాలను రెట్టింపు చేసి పేజీ నింపేయాలనిపిస్తుంది. అలా చేస్తే ఆ పేజీ అరుస్తున్నట్టుంటుంది, పక్క పేజీ గొణుగుతున్నట్టుంటుంది. దానికంటే సామెత కింద చిన్న వివరణ ఇవ్వడం మేలు: ‘కావడికి రెండు వైపులా కుండలున్నట్టే బతుకులో కలిమీ లేమీ రెండూ జంటగానే ఉంటాయి.’ ఇది 32 అక్షరాలు. సామెతతో కలిపి సరిగ్గా 44. సామెత ఒక వరుసలో ముదురుగా, వివరణ రెండు వరుసల్లో మామూలుగా వస్తుంది. కావడి మోసేవాళ్లను చూడని ఈ కాలపు పిల్లలకు ఆ వివరణ నిజంగానే అవసరం కూడా. పేజీ నింపడానికి పెట్టినట్టు ఉండదు.

పొడవైన వచన వాక్యాలకు ఇంత సులువైన మందు లేదు. 64 దాటిన వాక్యాన్ని మధ్యలో చుక్కలు పెట్టి కుదించడం చాలా క్యాలెండర్లలో కనిపిస్తుంది. అది చేయకూడదు. ‘అయితే’, ‘కానీ’ అన్న మాటల తర్వాతి భాగం పోతే రచయిత చెప్పినదానికి అడ్డం తిరిగిన అర్థం మిగలవచ్చు. పొడవైతే ఆ మాటను పక్కనపెట్టి, అదే రచయిత రాసిన చిన్న వాక్యం వెతుక్కోవాలి. అందుకే 365 కావలసినచోట నాలుగొందల యాభైకి తగ్గకుండా పోగేసుకోవడం మంచిది. సీస పద్యాలకూ ఇదే మాట. సీసంలో ఒక్క పాదమే 22 నుంచి 30 అక్షరాలు, కింద ఎత్తుగీతి అదనం. ఎంత అందమైనదైనా ఈ పేజీకి అది సరిపడదు. కందం అయితే సరిపోతుంది, కాకపోతే ఒకటి, మూడు పాదాలు పొట్టిగా, రెండు, నాలుగు పాదాలు పొడుగ్గా ఉంటాయి. ఆ మెట్ల వరుసను అలాగే వదిలేయాలి, రెండు అంచులూ సమానం చేయబోకూడదు.

అంచులు సమానం చేయడం వచనానికీ నప్పదు. ‘చేయకపోయినప్పటికీ’ లాంటి పదం వరుస చివర పట్టక కిందికి దిగితే, పై వరుసలో మిగిలిన పదాల మధ్య గుంటలు పడతాయి. ఎడమ అంచు కలిపి కుడి వైపు వదిలేయడమో, మధ్యకు పేర్చడమో చేసి, వరుస ఎక్కడ విరగాలో మనిషే చూసి నిర్ణయించాలి. విశేషణం ఒక వరుసలో, అది చెప్పే పదం మరో వరుసలో పడకూడదు. చివరి వరుసలో ‘కాదు’ అన్న ఒక్క పదం వేలాడకూడదు. 365 వాక్యాలకూ ఇలా చేత్తో విరుపులు పెట్టడం విసుగు పని. పేజీ చదవడానికి హాయిగా ఉండేది మాత్రం దీనివల్లే.

పొడవు కుదిరాక వైవిధ్యం చూసుకోవాలి. పోగేసిన క్రమంలోనే అచ్చేస్తే ఫిబ్రవరి అంతా శతకాలు, మార్చి అంతా ఒకే పుస్తకం అవుతుంది. చీటీలు తీసినట్టు కలిపేసినా వరసగా మూడు రోజులు సామెతలే రావచ్చు. సోమవారం సామెత, మంగళవారం పద్యం అని వారానికి కట్టేస్తే రెండో నెలకే చదివేవాళ్లు ఊహించేస్తారు. వారానికి ఏడు రోజులు కనుక ఎనిమిది రోజుల చక్రం పెట్టుకుంటే ఈ ఇబ్బంది తీరుతుంది. సామెత, తెలుగు రచయిత, పద్యం, సామెత, ఇతర భారతీయులు, తెలుగు రచయిత, సామెత, విదేశీయులు అని ఎనిమిది గళ్లు అనుకుందాం. 2027 జనవరి 1 శుక్రవారం. ఆ రోజు మొదటి గడి సామెతతో మొదలుపెడితే మళ్లీ అదే గడి 9వ తేదీ శనివారం వస్తుంది, ఆ తర్వాత ఆదివారం. ఏడాది మొత్తానికి సామెతలు 137, తెలుగు రచయితల మాటలు 91, పద్యాలు 46, ఇతర భారతీయులవి 46, విదేశీయులవి 45 కావాలని ముందే తెలిసిపోతుంది. ఏది ఎంత వెతకాలో తెలిస్తే పోగుచేయడంలో వృథా ఉండదు.

చక్రానికి లొంగని రోజులు కొన్ని ఉంటాయి. జనవరి 12 వివేకానందుని జయంతి. చక్రం ప్రకారం ఆ రోజు నాలుగో గడి, అంటే సామెత. మర్నాడు ‘ఇతర భారతీయులు’ గడి ఉంది కాబట్టి రెండూ తారుమారు చేసుకుంటే సరి, మొత్తం లెక్క చెడదు. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి జయంతి, సెప్టెంబర్ 21 గురజాడది, అక్టోబర్ 2 గాంధీది. ఉగాది, దసరా ఏటా తేదీ మారతాయి కనుక పంచాంగం చూసి ఆ పేజీలను ముందే పక్కకు తీసి పెట్టుకోవాలి. గాంధీ వర్ధంతి అయిన జనవరి 30న చమత్కారపు సామెత పడకుండా చూడటం కూడా ఈ పనిలో భాగమే.

ఇంత చేసినా కొన్ని క్యాలెండర్లు చదువుతుంటే ఒకే మాట తిప్పి తిప్పి చెప్పినట్టుంటుంది. కారణం వాక్యాల చివర దొరుకుతుంది. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. నీతి వాక్యాలు ఎక్కువగా ‘చేయాలి’, ‘ఉండాలి’, ‘నేర్చుకోవాలి’ అని ముగుస్తాయి. వరసగా నాలుగు రోజులు ‘-ఆలి’ వస్తే చదివేవాళ్లకు ఎవరో వేలు చూపించి బోధిస్తున్నట్టనిపిస్తుంది. షీటులో ఒక వరుస పక్కన చేర్చి ప్రతి వాక్యం చివరి పదాన్ని విడదీస్తే ఈ జబ్బు కంటికి కనిపిస్తుంది:

```
=TRIM(RIGHT(SUBSTITUTE(B2," ",REPT(" ",99)),99))
```

ఆ వరుసను అకారాది క్రమంలో పేర్చి చూస్తే ‘చేయాలి’ గుంపు ఎంత పెద్దదో తెలుస్తుంది. మొదటి పదానికీ ఇలాగే చేస్తే ‘జీవితం’, ‘విజయం’ గుంపులు బయటపడతాయి. ఒకే మాట రెండు పుస్తకాల నుంచి రెండుసార్లు వచ్చి ఉంటే అదీ ఇక్కడే పట్టుబడుతుంది. ఏ గుంపైనా మరీ పెద్దదైతే కొన్ని తీసేసి, పోలిక చెప్పేవి, ప్రశ్న అడిగేవి, ఊరికే ఒక నిజాన్ని చూపించేవి చేర్చాలి. వేమన విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. ఆయన పద్యాల చివరి పాదం చాలావరకు ఒకే మకుటం. 46 పద్యాలూ ఆయనవే అయితే అదే వరుస 46 సార్లు అచ్చవుతుంది. సగం వేమనవి, మిగతావి సుమతి లాంటి శతకాలవి తీసుకుంటే ఆ మకుటం కూడా కొత్తగానే వినిపిస్తుంది. మకుటంలోనే పేరుంది కనుక ఆ పేజీలో కింద మళ్లీ వేమన అని రాయనక్కర్లేదు. వేమన పద్యాలకు పాఠాంతరాలు ఎక్కువ కాబట్టి ఏదో ఒక మంచి ప్రతిని ఎంచుకుని, ఏడాది పొడుగునా దానికే కట్టుబడాలి.

మాట కింద పేరు రాయడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ పొరపాట్లు ఎక్కువ జరిగేది అక్కడే. వాట్సాప్‌లో తిరిగే మాటల్లో చాలావాటికి ఆ పేరుగల మనిషితో సంబంధం ఉండదు. లోకంలో కోరుకునే మార్పు మనమే కావాలన్న అర్థమొచ్చే వాక్యం గాంధీ పేరుతో ప్రపంచమంతా అచ్చవుతోంది. ఆ రూపంలో అది ఆయన రచనల్లో దొరకదు. 1913లో ఆయన రాసినదాంట్లో దానికి దగ్గరి భావం మాత్రం ఉంది. గాంధీ రచనలు వంద సంపుటాలుగా అచ్చయి ఉన్నాయి, వాటిలోంచి నేరుగా తీసుకుంటే ఈ బెడద ఉండదు. షీటులో ప్రతి మాట పక్కన పుస్తకం పేరు, పేజీ నంబరు రాసే గడి ఒకటి ఉండి, అది ఖాళీగా ఉన్న మాటను వాడకూడదని నియమం పెట్టుకుంటే సగం తప్పులు పోతాయి.

హక్కుల సంగతి కూడా అప్పుడే తేలుతుంది. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. 2027 క్యాలెండర్‌కైతే 1966లోగా మరణించినవారి రచనలు స్వేచ్ఛగా వాడుకోవచ్చు. కందుకూరి, గురజాడ, చిలకమర్తి అందులోకి వస్తారు. జాషువా 1971లో, విశ్వనాథ 1976లో, శ్రీశ్రీ 1983లో వెళ్లిపోయారు. అమ్మకానికి వేసే క్యాలెండర్‌లో వాళ్ల కవితా పంక్తులు వేయాలంటే హక్కుదారుల అనుమతి తీసుకోవడమే పద్ధతి. అనువాదాలకు అనువాదకుడి హక్కు వేరుగా ఉంటుంది. టాగూర్ 1941లో మరణించినా, ఆయన్ని నిన్నమొన్న తెలుగు చేసిన పుస్తకంలోని వాక్యం స్వేచ్ఛగా దొరికినట్టు కాదు.

షీటు సిద్ధమయ్యాక పేజీల్లోకి ఎక్కించాలి. ఇన్‌డిజైన్‌లో Data Merge అన్న సదుపాయం ఉంది. ఒక్క నమూనా పేజీ చేసి షీటును జతచేస్తే 365 పేజీలూ తయారవుతాయి. రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఎక్సెల్ నుంచి Unicode Text రూపంలో భద్రపరిస్తేనే తెలుగు చెదరకుండా చేరుతుంది. ఇన్‌డిజైన్‌లో World-Ready Paragraph Composer ఎంచుకుంటేనే ఒత్తులు వాటి చోట్లలో కూర్చుంటాయి. మాట పెట్టె దాటిపోయినచోట ఎర్రటి కూడిక గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు వచ్చిన పేజీలే 64 హద్దులో ఉండి కూడా పట్టనివి. సున్నలు, కొమ్ములు ఎక్కువున్న వాక్యాలకు అలా జరుగుతుంది. అక్షరం సైజు తగ్గించకుండా మాటను మార్చడమే దీనికి పరిష్కారం.

ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పనిచేసే ప్రెస్సులు ఉన్నాయి. అక్కడికి యూనికోడ్ పాఠం ఇస్తే దాన్ని మార్చుకోవాలి. ఆ మార్పిడిలో ఒత్తులు ఊడిపోవడం, జారిపోవడం మామూలే. పేర్లలో కంటికి కనిపించని మరో ప్రమాదం ఉంది. ‘ఐన్‌స్టీన్’ అని రాయాలంటే ‘న్’ తర్వాత కనిపించని గుర్తు ఒకటి పడాలి. అది జారిపోతే పేరు ‘ఐన్స్టీన్’ అవుతుంది. మార్పిడి తర్వాత పాఠాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకరు పైకి చదువుతుంటే మరొకరు మూలంతో సరిచూడటం తప్ప దీనికి అడ్డదారి లేదు.

చివరగా కాగితం. 365 మాటలను 365 కాగితాల మీద ఒకవైపే వేస్తే 80 జీఎస్‌ఎం మ్యాప్‌లితోతో కూడా దొంతర 36 మిల్లీమీటర్లు దాటుతుంది. మామూలుగా దొరికే వైరో తీగ అంత మందాన్ని పట్టదు. అందుకని ఇలాంటి క్యాలెండర్లను 183 కాగితాల మీద రెండువైపులా వేస్తారు. వెనక అక్షరాలు ముందుకు కనిపించకుండా 100 జీఎస్‌ఎం వాడితే మందం ఇంచుమించు 23 మిల్లీమీటర్లు అవుతుంది, తీగ పట్టుకుంటుంది. జనవరి 1 నుంచి జులై 2 దాకా ముందువైపు ఉంటుంది. అక్కడితో కాగితాలన్నీ తిరిగిపోతాయి, క్యాలెండర్‌ను వెనక్కి తిప్పి పెట్టుకుంటారు. అప్పుడు మొదట కనిపించేది చివరి కాగితం వెనకవైపు. కనుక జులై 3 చివరి కాగితం వెనక ఉండాలి, డిసెంబర్ 31 రెండో కాగితం వెనక ఉండాలి, మొదటి కాగితం వెనక ఖాళీ. ఈ తలకిందుల క్రమం పట్టించుకోకుండా వెనకవైపు కూడా ముందువైపు వరుసలోనే పేర్చేస్తే ఆరు నెలల తర్వాత క్యాలెండర్ వెనక్కి నడుస్తుంది. ప్లేట్లకు పంపే ముందు ఏవైనా నాలుగు కాగితాలు తీసి, ముందువైపు రోజు ఏడాదిలో ఎన్నోదో, వెనకవైపుది ఎన్నోదో కలిపి చూడాలి. ప్రతిసారీ 367 రావాలి.